మందు కోసం మందు మానుకుంటున్నారా?

మన తెలుగువారు రెండు వస్తువులను ఒకే మాటతో పిలుస్తారు. రోగానికి వాడేదీ మందే, సాయంత్రం సీసాలోనుంచి గ్లాసులోకి వంచుకొనేదీ మందే. ఈ రెండూ ఒకే పూట ఎదురుపడితే దేనిని మానుకోవాలన్న విషయంలో మన సమాజం ఏనాడో తీర్పు చెప్పేసింది. "ఈ రాత్రికి మందు ఉన్నది, బీపీ మాత్ర వేసుకోకు. రెండూ కలిస్తే ప్రమాదం." పెళ్లిళ్లలో, పొలం గట్ల మీద, అపార్టుమెంటు మేడల మీద ఈ సలహా ఒకరినుంచి మరొకరికి చేరుతూనే ఉన్నది. చెప్పేవాడు స్నేహంతో చెబుతాడు, వినేవాడు జాగ్రత్తపరుడిననుకొని పాటిస్తాడు.

ఈ తీర్పు తప్పు. ఆ సలహాలో ఒక చిన్న నిజం లేకపోలేదు. దానిని తరువాత ఒప్పుకొంటాను. అయితే ఆ చిన్న నిజాన్ని అడ్డం పెట్టుకొని మనం చేస్తున్న పని మాత్రం, రక్తపోటు పెరగబోయే ఉదయానికి ఉన్న ఒక్క రక్షణనూ ముందురాత్రే తీసి పక్కన పెట్టడం. ఈ సంగతి నేను పుస్తకాలలో చదివినదానికంటె, నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు వలన ఎక్కువగా నేర్చుకొన్నాను. ముందు ఆ పొరపాటు చెబుతాను.

ఒక ధాన్యం వ్యాపారి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నేను ఒక ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక సోమవారం ఉదయం ఓపీకి యాభై నాలుగేళ్ల ధాన్యం కమీషను వ్యాపారి వచ్చాడు. తలనొప్పి అన్నాడు. రక్తపోటు 168/104 ఉన్నది. రెండుమూడు సార్లు పిలిపించి చూసి, రాత్రి భోజనం తరువాత వేసుకొమ్మని ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వ్రాశాను. నెల తరువాత 160/100. టెల్మిసార్టాన్ 40 చేర్చాను. మరో నెలకు 158/100. ఈసారి కొంచెం గట్టిగానే మందలించి, ఉదయం పూట వేసుకొమ్మని మూత్రం జారీచేసే మాత్ర ఒకటి చేర్చాను. "ఉప్పు తగ్గించావా?" అని అడిగాను. "సిగరెట్టు తాగుతావా?" అని అడిగాను. మూడు నెలలలో ఒక్కసారి కూడా మద్యం గురించి అడగలేదు. మంచి బట్టలు కట్టుకొన్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. అడిగితే నొచ్చుకొంటాడేమోనన్న సంకోచం నాది.

మరి కొద్ది రోజులకు ఒక అర్ధరాత్రి అతనిని ఆసుపత్రికి తీసుకొని వచ్చారు. మూత్రానికి లేచి పెరట్లో కూలిపోయాడు. నుదురు చిట్లింది, నాలుగు కుట్లు పడినాయి. పడుకోబెట్టి చూస్తే రక్తపోటు 108/70. మెల్లగా లేపి కూర్చోబెడితే 88/60. మూడు మాత్రలకూ లొంగని రక్తపోటు ఒక్క రాత్రిలో ఇంత కిందికి ఎలా పడిపోయిందో నాకు వెంటనే బోధపడలేదు.

బోధపరచినది అతని భార్య. మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "డాక్టరుగారూ, ఈయన తాగిన రాత్రి మాత్ర వేసుకోరండి. రెండూ కలవకూడదంట. నెలకని తెచ్చిన షీట్లు మాకు రెండు నెలలు వస్తాయండి" అన్నది. అంటే అతడు సగం రాత్రులు మాత్ర మింగలేదు. ఆ సగం రాత్రులలోనూ ఒక్కొక్క క్వార్టరు తాగాడు. ఆ వారం నేను కోప్పడ్డాను గనుక భయపడి, మానేసిన మూడు రాత్రుల మాత్రలనూ కూడగట్టి ఆదివారం రాత్రి ఒకేసారి మింగాడు. ఆ రాత్రి కూడా క్వార్టరు కడుపులోనే ఉన్నది.

ఒక మనిషి రక్తపోటు లొంగడం లేదని నేను మందు పెంచుకొంటూ పోయాను. అతడేమో అదే మందును సగం రోజులు మానుతూ పోయాడు. అడగని తప్పు నాది, చెప్పని తప్పు అతనిది, దెబ్బ మాత్రం అతని నుదుటికి తగిలింది.

రాత్రి తగ్గుతుంది, తెల్లవారి పెరుగుతుంది

ఆ వ్యాపారి తాగిన రాత్రులలో ధైర్యంగా ఉండడానికి ఒక కారణం ఉన్నది. అమెరికానుంచి కొడుకు తెచ్చిన బీపీ మిషను ఇంట్లో ఉండేది. తాగిన గంటకు చూసుకొంటే 128/80 కనిపించేది. "నాకు మందు పడితేనే బీపీ దిగుతుంది సార్" అని అతడు మనస్ఫూర్తిగా నమ్మాడు. మిషను అబద్ధం చెప్పలేదు. అది సగం నిజమే చెప్పింది.

మద్యం ఒంట్లోకి వెళ్లగానే రక్తనాళాలు కొంత వదులవుతాయి. ముఖం ఎర్రబడడం, ఒళ్లు వెచ్చబడడం అందువలననే. గొట్టం వెడల్పయితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది కదా. మద్యం మూత్రాన్ని నిలిపి ఉంచే హార్మోనును కూడా అణచివేస్తుంది. నీరు ఎక్కువగా బయటకు పోతుంది. ఈ రెండింటి వలన తాగిన కొన్ని గంటలు రక్తపోటు కొద్దిగా దిగుతుంది. గుండె మాత్రం ఆ లోటును పూడ్చడానికి వేగంగా కొట్టుకొంటూ ఉంటుంది.

తరువాత శరీరం ఎదురు తిరుగుతుంది. అపాయంలో మనలను పరుగెత్తించే సింపథెటిక్ నాడీ వ్యవస్థ మేల్కొంటుంది. మూత్రపిండాలనుంచి బయలుదేరే రెనిన్, దాని వెంట వచ్చే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తాయి, ఉప్పును నీటిని నిలబెడతాయి. నిద్ర చెదురుతుంది, గురక పెట్టేవారికి శ్వాస మరింతగా ఆగి ఆగి సాగుతుంది. మద్యంతో పాటు నంజుకొన్న ఉప్పు పల్లీలు, మిక్చరు, వేపుడు ముక్కలలోని ఉప్పు కూడా అప్పటికి రక్తంలోకి చేరి ఉంటుంది. వెరసి, మద్యం మత్తు దిగేవేళకు రక్తపోటు పైకి ఎక్కుతుంది.

ఇది నా ఊహ కాదు. మనుష్యులకు కొలిచి మద్యం ఇచ్చి చేసిన పరీక్షలనన్నింటినీ కూడగట్టి, కాక్రేన్ సంస్థ వారు 2020లో ఒక సమీక్ష ప్రచురించారు. 30 గ్రాములకు మించి మద్యసారం తీసుకొన్నవారిలో దాదాపు 12 గంటల వరకు రక్తపోటు తగ్గి, 13 గంటలు దాటిన తరువాత పెరిగిందని అందులో తేలింది. పెరుగుదల సగటున నాలుగు పాయింట్ల లోపే. కాని ఆ పరీక్షలలో పాల్గొన్నవారు చాలావరకు ఆరోగ్యవంతులు, వారికి ఇచ్చినది ఒకే ఒక్క మోతాదు. మన వ్యాపారి బీపీ రోగి, వారానికి మూడు నాలుగు రాత్రులు తాగేవాడు, ఆ రాత్రులలో మాత్ర కూడా మింగనివాడు. అతని ఉదయం వారి ఉదయంకంటె కష్టమైనదే అవుతుంది.

30 గ్రాములంటే ఎంతో మీరు లెక్క కట్టుకోవచ్చును. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని వ్రాసి ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల మద్యసారం ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు. 8 శాతం ఉండే స్ట్రాంగు బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాములు. "నేను బీరే కదండీ తాగేది" అనేవారు ఒక్క సీసాతో నాలుగు చిన్న పెగ్గులు తాగినట్లు. కల్లుకు ఇలాంటి లెక్క కుదరదు. చెట్టునుంచి దించిన గంటనుంచీ అది పులుస్తూనే ఉంటుంది, గంటగంటకూ దాని ఘాటు మారుతుంది.

మాత్ర మానితే ఏమవుతుంది?

ఇప్పుడు ఆ పాత సలహాను ఎదురుగా పెట్టుకొని పరీక్షిద్దాము. "రెండూ కలవకూడదు గనుక మాత్ర మానాలి" అంటారు. మాత్ర మానితే రెండూ కలవకుండా ఉంటాయా?

ఉండవు. ఆమ్లోడిపిన్ సగానికి సగం శరీరంనుంచి పోవడానికే 30నుంచి 50 గంటలు పడుతుంది. టెల్మిసార్టాన్‌కు ఒక రోజు వరకు పడుతుంది. ఈ రాత్రి మాత్ర మింగకపోయినా నిన్నటి మాత్ర, మొన్నటి మాత్ర మీ రక్తంలో తిరుగుతూనే ఉన్నాయి. మీరు గ్లాసు ఎత్తేటప్పటికే మందూ మందూ కలిసి కూర్చున్నాయి. కనుక ఏ ప్రమాదాన్ని తప్పించుకోవడానికి మాత్ర మానుతున్నారో ఆ ప్రమాదం తప్పదు.

కోల్పోయేది మాత్రం నిశ్చయంగా కోల్పోతారు. ఈ రాత్రి మాత్ర పనిచేయవలసినది ముఖ్యంగా రేపటికి. ఆ రేపటి ఉదయమే మద్యం రక్తపోటును పైకి నెట్టే వేళ. అసలే అందరికీ తెల్లవారుజామున రక్తపోటు సహజంగా పెరుగుతుంది. పక్షవాతాలు, గుండెపోట్లు ఉదయపు గంటలలో ఎక్కువగా వస్తాయని మా వైద్యులకు చిరకాలంగా తెలుసు. సహజమైన పెరుగుదల ఒకటి, మద్యం తెచ్చిన పెరుగుదల ఒకటి, లేని మాత్ర ఒకటి. ఈ మూడింటినీ ఒకే ఉదయం మీద ఎవరో వచ్చి మోపడం లేదు. మనమే ముందురాత్రి ఏర్పాటు చేసుకొంటున్నాము.

ఒక్క రాత్రి ఆమ్లోడిపిన్ మానితే ఆకాశం విరిగి మీద పడదు, నిజమే. అది నెమ్మదిగా దిగిపోయే మందు. కాని తాగేవారు మానేది ఒక్క రాత్రి కాదు. వారానికి మూడు రాత్రులు మానితే సంవత్సరానికి నూటయాభైకి పైగా మాత్రలు. పైగా అన్ని మందులూ ఆమ్లోడిపిన్ వంటివి కావు. క్లోనిడిన్ వాడేవారు హఠాత్తుగా మానితే రక్తపోటు మునుపటికంటె ఎక్కువగా ఎగిసిపడుతుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు మానితే, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారికి, గుండె దడ, ఛాతీ నొప్పి తిరగబడవచ్చును. "ఒక్క రోజుకేమవుతుందిలే" అని స్నేహితుడు అన్నప్పుడు, మీ డబ్బాలో ఉన్నది ఏ మందో అతనికి తెలియదు.

"రెండు పెగ్గులు గుండెకు మంచివి కదా?"

ఈ ప్రశ్న లేకుండా మద్యం మీద ఏ చర్చా ముగియదు. దీనికి పునాది వేసినది వైద్య పత్రికలే గనుక జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా మాదే.

అసలు తాగనివారికంటె కొద్దిగా తాగేవారికి గుండెజబ్బులు తక్కువని ఒకప్పుడు అనేక పరిశీలనలు చెప్పినాయి. ఆ పరిశీలనలలో ఒక పెద్ద లోపం ఉన్నది. "తాగనివారు" అన్న వరుసలో ఎన్నడూ తాగనివారితో పాటు, జబ్బు చేసి తాగుడు మానినవారిని కూడా నిలబెట్టారు. కాలేయం చెడి, గుండె చెడి మానినవారు ఆ వరుసలో చేరితే ఆ వరుస బలహీనంగా కనిపించక ఏమవుతుంది? పైగా విదేశాలలో మితంగా తాగేవారు తరచుగా చదువు, సంపాదన ఉన్నవారు. వారి ఆరోగ్యానికి కారణం గ్లాసు కాక ఇల్లు, తిండి, నడక కావచ్చును.

రక్తపోటు విషయంలో ఈ వాదం అసలు నిలవదు. 2023లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో ఏడు దీర్ఘకాల పరిశీలనలలోని సుమారు 20 వేలమంది వివరాలను కలిపి చూశారు. తాగనివారితో పోలిస్తే, రోజుకు 12 గ్రాములు, అంటే ఒక చిన్న పెగ్గుకు కాస్త పైన తాగేవారిలో సైతం, ఏళ్లు గడిచేకొద్దీ పై సంఖ్య 1.25 పాయింట్లు ఎక్కువగా పెరిగింది. 48 గ్రాములు తాగేవారిలో దాదాపు 5 పాయింట్లు పెరిగింది. తాగిన కొద్దీ పెరిగింది, ఎక్కడా తగ్గలేదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1915లోనే లియాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు, రోజూ లీటర్ల కొద్దీ ద్రాక్షసారా తాగే సైనికులలో అధిక రక్తపోటు ఎక్కువగా ఉన్నదని గమనించి ప్రకటించాడు. నూరేళ్లకు పైగా తెలిసిన విషయం మన చీటీల మీదికి ఇంకా రాలేదు.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. రోజుకు రెండు చిన్న పెగ్గుల లోపు తాగేవారు మానినందువలన రక్తపోటు చెప్పుకోదగినంతగా తగ్గినట్లు పరీక్షలలో తేలలేదు. రోజుకు ఆరుకు పైగా తాగేవారు తమ తాగుడును సగానికి తగ్గించుకొంటే మాత్రం పై సంఖ్య సగటున 5 పాయింట్లకు పైగా తగ్గింది. 2017లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ఇది. అయిదు పాయింట్లు తక్కువ కాదు. ఒక మాత్ర చేసే పనిలో సగానికి దగ్గర. కనుక ఏడాదికి రెండుసార్లు కొడుకు బలవంతం మీద ఒక పెగ్గు తీసుకొనే తాతగారి మీద నాకు యుద్ధం లేదు. ఆయన ఆ రాత్రి మాత్ర మానితేనే నాకు పేచీ.

ఆ సలహాలోని చిన్న నిజం

మందూ మద్యమూ కలిస్తే రక్తపోటు మరీ దిగి పడిపోతామన్న భయం పూర్తిగా అబద్ధం కాదు. నా వ్యాపారి నుదుటి కుట్లే సాక్ష్యం. మొదట చెప్పిన చిన్న నిజం ఇదే. అయితే దీని అర్థం మాత్ర మానమని కాదు, తాగుడు మానమని; మానలేనివారు కనీసం ఏ మందు ఎక్కువ ప్రమాదమో తెలుసుకొమ్మని.

ప్రాజోసిన్ రక్తనాళాలను వదులు చేసే మందు. దాని మీద మద్యం పడితే లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి. ప్రోస్టేటు గ్రంథి వాపుకు ఇచ్చే టామ్సులోసిన్ కూడా ఆ కుటుంబంలోనిదే; అరవై దాటిన మగవారిలో చాలామంది దానిని "మూత్రం మాత్ర" అనుకొంటారే గాని రక్తపోటుతో సంబంధం ఉన్నదనుకోరు. క్లోనిడిన్ మద్యంతో కలిస్తే మగతను కూడా పెంచుతుంది. మూత్రం జారీచేసే మాత్రలు వాడేవారిలో మద్యం వలన పోయే నీరు మరింత పోతుంది, ఎండాకాలంలో ఇది ఇంకా హాని. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు ఈ వరుసలో అందరికంటె ముందుండి జాగ్రత్త పడవలసినవారు.

ఈ ప్రమాదం వచ్చేది తాగిన మొదటి కొన్ని గంటలలో, ముఖ్యంగా నిద్రనుంచి లేచి నిలబడినప్పుడు. తల తేలిపోవడం, చెమట పట్టడం, చూపు మసకబారడం దీని గుర్తులు. అప్పుడు "నిషా ఎక్కింది" అనుకొని నడవవద్దు. వెంటనే కూర్చోవాలి, వీలైతే పడుకొని కాళ్లు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఇంట్లోవారు మిషను ఉంటే చూడాలి. మానేసిన మాత్రలను కూడగట్టి మింగడం ఎన్నడూ చేయకూడదు. ఒక రోజు మరచిపోతే మరచిపోయినట్లే. మరునాడు ఎప్పటి మాత్ర అప్పుడు ఒక్కటే వేసుకోవాలి.

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానవచ్చునా?

ఈ వ్యాసం చదివి రేపటినుంచే మానేస్తామని ఎవరైనా లేస్తే, ఒక్క నిమిషం ఆగండి. రోజూ ఎక్కువగా తాగేవారు, ఉదయం లేవగానే చేతులు వణికేవారు, ఆ వణుకు తగ్గడానికి మళ్లీ కొద్దిగా తాగేవారు ఇంట్లో ఒంటరిగా హఠాత్తుగా మానకూడదు. ఆఖరి గ్లాసు తరువాత ఆరేడు గంటలనుంచే వణుకు, చెమట, దడ మొదలై రక్తపోటు ఎగబాకుతుంది. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించే స్థితి రావచ్చును, అది ప్రాణాంతకం. బీటా బ్లాకరు వాడేవారిలో వణుకూ దడా అణిగి ఉండి ముందస్తు హెచ్చరిక కనిపించకపోవచ్చును.

అలాంటివారు మానవలసినది వైద్యుని పర్యవేక్షణలో. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలోని మానసిక వైద్య విభాగంలో అడగండి. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 ఉచిత నంబరుకు ఫోను చేసినా దారి చూపిస్తారు.

మేము అడగని ప్రశ్న

ఇక నా వృత్తిలోనివారితో ఒక మాట. రోగులు అబద్ధం చెబుతారని మనం ఫిర్యాదు చేస్తాము. అడిగితే కదా అబద్ధమైనా చెప్పడానికి? "తాగుతారా?" అని అడిగితే ఎవరైనా "అబ్బే, ఎప్పుడో ఒకసారి" అంటారు. వ్యాపారి తరువాత నేను ప్రశ్న మార్చాను. "వారంలో ఎన్ని రాత్రులు? ఎంత? ఆ రాత్రి మాత్ర వేసుకొంటారా, మానుతారా?" అని మామూలుగా, ఉప్పు గురించి అడిగినట్లే అడిగేవాడిని. జవాబులు రావడం మొదలైనాయి. మూడవ మాత్ర వ్రాసే ముందు ఈ మూడు ప్రశ్నలూ అడగనివాడు వైద్యం చేయడం లేదు, లెక్క పెంచుతున్నాడు. నేనూ మూడు నెలలు ఆ పనే చేశాను గనుక ఈ మాట అనే హక్కు నాకున్నదనుకొంటాను.

రాత్రి భోజనం తరువాత అని నేను వ్రాయడం కూడా తెలివైన పని కాదు. తాగే వేళా మాత్ర వేళా ఒకటే చేసి, రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మన్నట్లయింది. సాయంత్రం తాగే అలవాటు ఉన్నవారికి, మందు స్వభావం అనుమతిస్తే, ఉదయానికి మార్చడం మేలు. ఈ మార్పు మీ అంతట మీరు చేయకండి, మీ వైద్యుని అడిగి చేయించుకోండి.

ఆ వ్యాపారికి చివరకు ఏమి చేశామో చెబుతాను. మూడవ మాత్ర తీసివేశాము. మిగిలిన రెండూ ఉదయం కాఫీ వేళకు మార్చాము. "తాగినా, తాగకపోయినా మాత్ర మానవద్దు. తాగడం గురించి తరువాత మాట్లాడుకొందాము. ముందు రెండు వారాలు నాకొక పని చేసిపెట్టు" అని, ఒక పాత డైరీ ఇచ్చి మూడు వేళల అంకెలు వ్రాయమన్నాను: సాయంత్రం తాగకముందు, రాత్రి పడుకొనేముందు, మరునాడు లేచి మూత్రవిసర్జన చేసి అయిదు నిమిషాలు కూర్చున్న తరువాత, కాఫీకీ మాత్రకూ ముందు.

రెండు వారాల తరువాత డైరీ తెచ్చాడు. తాగిన రోజులలో సాయంత్రం 146/92, రాత్రి 126/78, మరునాటి ఉదయం 162/100 వరుసలోనే అంకెలు పడినాయి. తాగని రోజుల మరునాటి ఉదయాలు 144/90 దగ్గర ఉన్నాయి. అతడు పద్దులు వ్రాసే మనిషి. నేను వివరించేలోపే ఆ కాలమ్ మీద వేలు పెట్టి, "రాత్రి అప్పు తెచ్చుకొని పొద్దున వడ్డీతో కడుతున్నానన్నమాట సార్" అన్నాడు. అంతకంటె బాగా నేను ఈనాటికీ చెప్పలేను.

అతడు రోజూ తాగేవాడు కాడు, ఉదయం చేతులు వణికేవి కావు. అందుచేత ఇంట్లోనే తగ్గించుకోగలిగాడు. ఆరు వారాలకు తాగుడు ఇంచుమించు ఆగింది. రెండు మాత్రలతో రక్తపోటు 134/84కు వచ్చింది. ఇందులో ఎంత మద్యం మానడం వలన, ఎంత మాత్రలు క్రమంగా వేయడం వలన అని నేను విడదీసి చెప్పలేను. విడదీయవలసిన అవసరమూ లేదు. అతని జీవితంలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే నడిచాయి.

మీ ఇంట్లో బీపీ మిషను ఉంటే మీరూ ఆ రెండు వారాల పద్దు వ్రాయండి. ఒకే చేతికి, ఒకే కుర్చీలో, వీపు ఆనించి కూర్చొని చూసుకోండి. రాత్రి అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి, ఉదయపు అంకె కూడా చూడండి. 180/120 దాటి ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒక పక్క చేయి కాలు బలహీనపడడం ఉంటే పద్దు పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. లేకపోతే ఆ డైరీ తీసుకొని మీ వైద్యుని వద్దకు వెళ్లండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి: వారంలో ఎన్ని రాత్రులు, ఎంత, ఆ రాత్రి మాత్ర సంగతి ఏమిటి.

ఈ సాయంత్రం ఎవరైనా మీ భుజం తట్టి "మందు ఉన్నది కదా, మాత్ర వద్దులే" అంటే, ఆయనను ఒక్కటి అడగండి. రెండూ కలవకూడదన్న మాట నిజమేనని ఒప్పుకొందాము. అయితే ఆ రెండింటిలో మానవలసినది మాత్రే అని తనకు ఎవరు చెప్పారు?